నష్టాల వరుసలో దాగిన మూడు తప్పులు

బెంగళూరు మారతహళ్లిలోని గదిలో ఒక ఆదివారం నా 140 ట్రేడ్ల జర్నల్ నుంచి ఈక్విటీ కర్వ్ గీస్తే, మధ్యలో ఒకచోట గీత నూతిలోకి దిగినట్లు 13,500 రూపాయలు పడిపోయింది. ఒక ట్రేడ్‌లో పోగొట్టుకోవడానికి నేను ముందే ఒప్పుకున్నది వెయ్యి రూపాయలే కనుక, పద్ధతే చెడిందనుకున్నాను. F నిలువు వరుసలోని ఫలితాలను బట్టి వరుస నష్టాలు లెక్కించడానికి H3లో ఈ సూత్రం పెట్టి కిందివరకూ లాగాను:

```
=IF(F3<0,H2+1,0)
```

అత్యధికం 9 వచ్చింది. నూటికి 55 ట్రేడ్లు నష్టపోయే నా పద్ధతిలో, ఇన్ని ట్రేడ్లకు ఏడు నష్టాలు వరుసగా రావడం మామూలే కాబట్టి, తొమ్మిది విపరీతమేమీ కాదు. అయితే తొమ్మిదింటికి పోవలసింది తొమ్మిది వేలే. మిగిలిన 4,500 ఎక్కడిదని వెతికితే, మూడు ట్రేడ్లలో స్టాప్‌లాస్‌ను కిందికి జరిపి, వరుసగా 2,000, 2,500, 3,000 పోగొట్టుకున్నానని తేలింది.

అప్పటినుంచి నియమం తప్పానా లేదా అన్నది, ఫలితం తేలకముందే, స్టాప్‌ను నేను జరిపిన క్షణంలోనే రాస్తున్నాను. తప్పిన ట్రేడ్లను అసలు స్టాప్ దగ్గరే ఆపినట్లు లెక్కగట్టి పక్కనే రెండో గీత గీస్తాను. ఇందులో నన్ను ఇబ్బంది పెట్టినవి లాభాలు: స్టాప్ జరిపినా ధర తిరిగొచ్చి గెలిచిన ట్రేడ్లు రెండున్నాయి, వాటిని తప్పుగా గుర్తించడానికి మొదట చేయి రాలేదు, గుర్తించాక రెండో గీతలో అవి కూడా చెరొక వెయ్యి నష్టంగానే పడ్డాయి.