ఏఐసీ 12 అంటే బీఐసీ 1 అంటుంది: నిమ్మ ధరల మోడల్‌లో లాగ్‌ల చిక్కు, దాని విడుపు

నెల్లూరు జిల్లాలో ధరల లెక్కలు చేసేవారికి పొదలకూరు మార్కెట్ నిమ్మ ధరలు మంచి పరీక్ష పెడతాయి. ఎండాకాలం రాగానే ధర పైకి లేస్తుంది, వానలు పడి కాయ విరివిగా రాగానే దిగుతుంది. వచ్చే నెల ధరను వెనకటి నెలల ధరలతో అంచనా వేయాలంటే ఎన్ని నెలలు వెనక్కి చూడాలన్నదే మొదటి ప్రశ్న. ఆ సంఖ్యనే లాగ్ పొడవు అంటారు. దాన్ని తేల్చడానికి వాడే సమాచార ప్రమాణాలు మూడు: అకైకే పేరిట ఏఐసీ, హానన్-క్విన్ పేరిట హెచ్‌క్యూ, ష్వార్ట్జ్ ఇచ్చిన బీఐసీ. ఇవి తరచూ తలో మాట చెబుతాయి. అలా ఎందుకు జరుగుతుందో, ఏం చేయాలో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇందులోని అంకెలు లెక్క తేటగా కనబడాలని నేను వేసుకున్నవి, మార్కెట్ రికార్డులు కావు.

నెలవారీ సగటు ధరకు లాగరిథమ్ తీసి, నెలకూ నెలకూ మధ్య మార్పును 100తో గుణించాం అనుకోండి. అంటే మన శ్రేణి దాదాపుగా శాతం మార్పు. లాగ్‌లకు పోగా 120 నెలలు లెక్కకు మిగిలాయి. ప్రతి మోడల్‌లోనూ మిగిలిపోయిన దోషం సగటు వర్గం, అంటే శేష విస్తృతి, ఇలా వచ్చింది: లాగ్ 1తో 170, లాగ్ 2 వరకు 168, లాగ్ 11 వరకు 158, లాగ్ 12 వరకు 129, లాగ్ 13 వరకు 128.5.

సమస్య 1: ఏఐసీ 12 లాగ్‌లు ఎంచుకుంది, బీఐసీ ఒక్కటే చాలంది

ముందుగా సూత్రాలు. n పరిశీలనల సంఖ్య, k గుణకాల సంఖ్య, s2 శేష విస్తృతి.

```
AIC = n*ln(s2) + 2*k
HQ  = n*ln(s2) + 2*k*ln(ln(n))
BIC = n*ln(s2) + k*ln(n)
```

మూడింటిలోనూ మొదటి భాగం ఒక్కటే. తేడా అంతా ఒక్కో గుణకానికి వేసే రుసుములో ఉంది. n 120 అయినప్పుడు ఏఐసీ రుసుము 2, హెచ్‌క్యూ రుసుము 3.13, బీఐసీ రుసుము 4.79. మూడూ ఏ లాగ్ దగ్గర కనిష్ఠమయ్యాయని మాత్రమే చూస్తే కారణం బయటపడదు. చూడవలసింది రాబడి, రుసుము విడివిడిగా.

లాగ్ 1 నుంచి లాగ్ 12కు వెళితే మొదటి భాగం 120 × ln(170/129), అంటే 33.1 తగ్గింది. ఇది రాబడి. దానికోసం 11 గుణకాలు అదనంగా చేర్చాం. ఏఐసీ లెక్కలో అందుకు 22 చెల్లించాలి, కాబట్టి లాభమే. హెచ్‌క్యూ లెక్కలో 34.5, కొద్దిలో నష్టం. బీఐసీ లెక్కలో 52.7, పెద్ద నష్టం. ఒకే 33.1ని మూడు రకాల రుసుముతో పోల్చారు కాబట్టి మూడు తీర్పులు వచ్చాయి. ఏ ప్రమాణమూ తప్పు చేయలేదు.

అసలు లోపం మనం ఇచ్చిన జాబితాలో ఉంది. ఆ 33.1 ఎక్కడినుంచి వచ్చిందో విడదీసి చూడండి. లాగ్ 2 నుంచి 11 వరకు పది లాగ్‌లూ కలిసి తెచ్చింది 8.8 మాత్రమే. ఒక్క పన్నెండో లాగ్ 24.3 తెచ్చింది. నిరుటి ఇదే నెల ధర ఎలా కదిలిందన్నదే ముఖ్యమైన సమాచారమని దీని అర్థం. కానీ వరుసగా 1, 2, 3 అంటూ పెంచుకుపోయే జాబితాలో పన్నెండోదాన్ని అందుకోవాలంటే పనికిరాని పదింటికీ రుసుము కట్టాలి. ఏఐసీ ఆ భారం మోసి పన్నెండును చేరింది. బీఐసీ మోయలేక ఒకటి దగ్గరే ఆగింది.

పరిష్కారం: లాగ్ 1, లాగ్ 12 మాత్రమే ఉన్న మోడల్‌ను జాబితాలో చేర్చండి. దాని శేష విస్తృతి 135 వచ్చిందనుకుందాం. లాగ్ 1 మోడల్‌తో పోలిస్తే రాబడి 27.7, అదనపు గుణకం ఒకటే. బీఐసీకి కూడా 4.79 కట్టి 27.7 పొందడం లాభమే. ఇక 12 లాగ్‌ల పూర్తి మోడల్‌తో పోలిస్తే 5.5 వదులుకుంటున్నాం, కానీ పది గుణకాల రుసుము మిగులుతోంది. ఏఐసీ లెక్కలోనే ఆ మిగులు 20. ఇప్పుడు మూడు ప్రమాణాలూ ఒకే మోడల్‌ను చూపిస్తాయి. నెలవారీ వ్యవసాయ ధరల్లో ఏఐసీ 12 దగ్గర, బీఐసీ 1 దగ్గర ఆగితే నేను మొదట అనుమానించేది రుతుప్రభావాన్నే.

రుతుప్రభావాన్ని నెలనెలకూ ఒక సూచిక చరంగా పెట్టి పట్టుకోవచ్చు కానీ, దానికీ 11 గుణకాలు కావాలి. బీఐసీ దగ్గర మళ్లీ అదే 52.7 కట్టాలి. ఏడాదికి ఒకసారి లేచి దిగే ఒక సైన్, ఒక కొసైన్ చరం పెడితే రెండు గుణకాలతో సరిపోతుంది. నిమ్మలాగా ఏడాదిలో ఒకే పెద్ద శిఖరం ఉన్న ధరకు అది చాలావరకు నప్పుతుంది.

సమస్య 2: కొలతను శాతం నుంచి దశాంశానికి మార్చగానే ఎంపికైన లాగ్ మారిపోయింది

ఈ లక్షణం కనబడితే కారణం దాదాపు ఖాయం: మోడళ్లన్నీ ఒకే నెలలపై నడవలేదు. 133 నెలల మార్పులు ఉంటే లాగ్ 1 మోడల్‌కు 132 నెలలు దొరుకుతాయి, లాగ్ 12 మోడల్‌కు 121 మాత్రమే. పై సూత్రంలో n ఒక్కటి పెరిగినప్పుడల్లా విలువ సుమారు ln(s2) మేరకు కదులుతుంది. శాతాల్లో s2 170 అయితే ఆ కదలిక +5.14. అదే దశాంశాల్లో s2 0.0170 అవుతుంది, కదలిక -4.07. పదకొండు నెలల తేడాకు ఒకచోట 56 పైకి, మరొకచోట 45 కిందికి జరుగుతుంది. మనం తూచుతున్న 33.1 ఈ కదలికలో మునిగిపోతుంది. అదే అన్ని మోడళ్లూ ఒకే 120 నెలలపై నడిస్తే కొలత మార్పు అన్నింటినీ సమానంగా జరుపుతుంది, ఎంపిక మారదు.

పైథాన్‌లో మొదటి 13 నెలలను అన్ని మోడళ్లకూ పక్కన పెట్టాలంటే ఇలా రాయాలి, ఇందులో d మన మార్పుల శ్రేణి:

```python
from statsmodels.tsa.ar_model import AutoReg
for lags in ([1], list(range(1, 13)), [1, 12]):
    r = AutoReg(d, lags, hold_back=13).fit()
    print(lags, r.nobs, r.aic, r.hqic, r.bic)
```

`nobs` అన్ని వరుసల్లోనూ ఒకటే వచ్చిందో లేదో ముందు చూసుకోండి. ఇక్కడ వచ్చే అంకెలు చేత్తో వేసిన లెక్కతో నేరుగా కలవవు. కొన్ని సాఫ్ట్‌వేర్లు స్థిర పదాలను కలుపుతాయి, కొన్ని nతో భాగిస్తాయి, కొన్ని విస్తృతిని కూడా ఒక పరామితిగా లెక్కిస్తాయి. ఒకే ప్రోగ్రామ్‌లో, ఒకే పరిశీలనలపై వచ్చిన తేడాలకే అర్థం ఉంటుంది. అందుకే ధరకు నేరుగా వేసిన మోడల్ ఏఐసీని, లాగరిథమ్‌కు వేసిన మోడల్ ఏఐసీతో అలాగే పోల్చకూడదు.

ఇలాంటిదే మరొకటి ఉంది. 2020 లాక్‌డౌన్ వంటి సమయంలో ధర నమోదు కాని నెలల వరుసలను చెరిపేస్తే, పన్నెండు వరుసల వెనక ఉన్నది నిరుటి ఇదే నెల కాకుండా పోతుంది. అప్పుడు పన్నెండో లాగ్ బలం పన్నెండు, పదకొండు, పదికి చెదిరిపోయి ప్రమాణాలన్నీ తడబడతాయి. వరుసను చెరపకండి. నెల పేరు ఉంచి ధర గడిని ఖాళీగా వదిలి, లాగ్‌లను క్యాలెండర్ ప్రకారం కట్టాక ఖాళీ వచ్చిన నెలలను తీసేయండి.

సమస్య 3: ఎంత గరిష్ఠ లాగ్ ఇస్తే అంతవరకూ ఎంచుకుంటోంది

గరిష్ఠం 6 ఇస్తే 6, 8 ఇస్తే 8 వస్తుంటే శ్రేణిలో మోడల్ చూడనిది ఏదో ఉంది. ధర మట్టం ఒక్కసారిగా మారడం కావచ్చు, రుతుప్రభావం కావచ్చు. ముందు గ్రాఫ్ గీసి చూడండి. గరిష్ఠ లాగ్‌కు ష్వెర్ట్ సూత్రం `12*(n/100)^(1/4)` వాడతారు. 120 నెలలకు అది 12.56, పూర్ణాంకం చేస్తే 12. నెలవారీ రుతుప్రభావం ఉన్న శ్రేణిలో పదమూడో లాగ్ కూడా అవసరం కావచ్చు. ఒకటో లాగ్, పన్నెండో లాగ్ ప్రభావాలు గుణకారంగా కలిసినప్పుడు అది పుడుతుంది. కాబట్టి ఈ సూత్రాన్ని అక్షరాలా పాటించకుండా ఒక అడుగు ముందుకు వేయడం మంచిది.

పరిశీలనలు తక్కువై, ఏఐసీ మాత్రమే గరిష్ఠం వైపు పరుగెడుతుంటే, తక్కువ పరిశీలనలకు తగ్గట్టు ఏఐసీని సవరించిన ఏఐసీసీ చూడండి. విస్తృతినీ కలిపి k లెక్కిస్తే అది ఏఐసీకి 2k(k+1)/(n-k-1) కలుపుతుంది. 12 లాగ్‌ల మోడల్‌లో k 14. 120 నెలలుంటే అదనపు రుసుము 4, నాలుగేళ్ల 48 నెలలే ఉంటే 12.7.

సమస్య 4: అన్నీ సరిచేశాక కూడా భేదం మిగిలింది

అప్పుడు అది రెండు ప్రమాణాల ఉద్దేశాల్లోని తేడా. 1970ల తొలినాళ్లలో అకైకే ప్రతిపాదించిన ఏఐసీ, రాబోయే విలువల అంచనాలో నష్టం తగ్గించడానికి చూస్తుంది. 1978లో ష్వార్ట్జ్ ఇచ్చిన బీఐసీ, జాబితాలో నిజమైన మోడల్ ఉంటే పరిశీలనలు పెరిగేకొద్దీ దాన్నే పట్టుకునేలా కట్టింది. పనికిరాని ఒక లాగ్‌ను చేర్చి చూడండి. ఏఐసీ దాన్ని పొరపాటున ఒప్పుకునే అవకాశం సుమారు 15.7 శాతం, ఎన్ని పరిశీలనలు పెరిగినా అది తగ్గదు. బీఐసీకి 120 నెలల దగ్గర అది సుమారు 2.9 శాతం, పెరిగేకొద్దీ సున్నా వైపు పోతుంది. దానికి బదులుగా బీఐసీ బలహీనమైన నిజ ప్రభావాలను ఎక్కువగా వదిలేస్తుంది.

పని ఏమిటో చూసి ఎంచుకోండి. వచ్చే రెండు మూడు నెలల ధర అంచనా కావాలంటే నేను ఏఐసీసీ వైపు మొగ్గుతాను. ఏ లాగ్ నిజంగా ఉందని వాదించాలంటే బీఐసీని నమ్ముతాను. బీఐసీ మోడల్ తీసుకుంటే శేషాల్లో స్వీయ సహసంబంధం మిగిలిందేమో బ్రోష్-గాడ్‌ఫ్రే పరీక్షతో, 12 లాగ్‌ల వరకు తప్పక చూడండి. మిగిలితే గుణకాల ప్రామాణిక దోషాలను నమ్మలేం. అంచనా పనికైతే చివరి 24 నెలలు పక్కన పెట్టి, నెల నెలా ముందుకు జరుపుతూ రెండు మోడళ్ల దోషాలను పోల్చండి. దోషాలు దాదాపు సమానమైతే చిన్న మోడల్‌నే ఉంచుకోండి.

ఇక ఒక హెచ్చరిక. లాగ్ 1, 12 మోడల్ బాగా పనిచేసిందని అన్ని కలయికలనూ వెతకాలనిపిస్తుంది. `ar_select_order`లో `glob=True` ఇస్తే అదే జరుగుతుంది. 13 లాగ్‌లకు 8,192 మోడళ్లు. ఈ రుసుములు అన్ని మోడళ్ల మధ్య వెతుకులాటను దృష్టిలో పెట్టుకుని కట్టినవి కావు. ఎక్కడో ఏడో లాగ్, పదో లాగ్ యాదృచ్ఛికంగా నెగ్గి కూర్చుంటాయి. కాబట్టి జాబితాలోకి కారణం చెప్పగలిగిన లాగ్‌లనే రానివ్వండి: కిందటి నెలకు 1, నిరుటి ఇదే నెలకు 12, రెండూ కలిసినదానికి 13. నిమ్మ ధరకు ఏడో లాగ్ ఎందుకో తోటల్లోనో మార్కెట్‌లోనో కారణం దొరికాకే దాన్ని చేర్చండి.