నిటారు దిగుడులో మోకాళ్లకు ఊతంగా ట్రెక్కింగ్ పోల్స్ వాడేదెలా?

ముందుగా సామాను సంగతి. కర్రలు రెండు ఉండాలి. ఒక్కటే పట్టుకుని దిగితే ఒళ్లు ఆ పక్కకే ఒరుగుతుంది, రెండో మోకాలికి దక్కేది ఏమీ ఉండదు. లాక్ మీట నొక్కే రకమైతే మంచిది. మెలితిప్పే రకం మట్టి చేరితే జారుతుంది, జారిందన్న సంగతి మీరు బరువు వేసినప్పుడే తెలుస్తుంది. పిడి కార్క్‌దో ఫోమ్‌దో తీసుకోండి, రబ్బరు పిడి చెమట చేతిని ఒరిపేస్తుంది. లోపల స్ప్రింగు ఉన్న కర్రలు నాకు గిట్టవు. ఆనగానే కాస్త కుంగే కర్రను నమ్మి కాలు వేయడం ఎలా?

పొడవు ఇలా చూడండి. చదునైన నేల మీద నిలబడి మొనను పాదం పక్కన ఆనిస్తే మోచేయి లంబకోణంలో ఉండాలి. 170 సెంటీమీటర్ల మనిషికి ఇది సుమారు 115 దగ్గర కుదురుతుంది. దిగుడు మొదలయ్యే ముందు దాన్ని 5 నుంచి 10 సెంటీమీటర్లు పెంచండి, అంటే 120 నుంచి 125. కారణం తేలికే: కర్ర ఆనేది మీ పాదం దగ్గర కాదు, కింది మెట్టు మీద. పెంచకపోతే దాన్ని అందుకోవడానికి నడుము వంచాల్సి వస్తుంది. మరీ పెంచినా నష్టమే. పిడికిలి భుజం దాకా లేస్తుంది, ఒళ్లు వెనక్కి వాలి బరువు మడమల మీద పడుతుంది, వదులు మట్టిలో కాలు జారేది అప్పుడే. కర్ర భాగాల మీద ఆపమని గుర్తుగా ఉండే గీత దాటనివ్వకండి. బిగించాక ఒంటి బరువంతా వేసి చూడండి. అంగుళం కుంగినా మళ్లీ బిగించాల్సిందే.

ఇక అందరూ పాడుచేసేది మణికట్టు పట్టీ దగ్గర. గాజు తొడుక్కున్నట్టు చేతిని పైనుంచి దూర్చి పిడిని గట్టిగా పిసుకుతారు. గంట దిగేసరికి ముంజేతులు పట్టేస్తాయి, కర్ర మీద బరువు వేయడం మానేస్తారు, ఆ తర్వాత కర్రలు అలంకారానికే. చేతిని పట్టీలోకి కింది నుంచి పైకి దూర్చాలి. తర్వాత చేతిని కిందికి దించి, పట్టీనీ పిడినీ కలిపి పట్టుకోవాలి. అప్పుడు పట్టీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి మణికట్టు వెనక్కి చుట్టుకుంటుంది, బరువు దాని మీద పడుతుంది. సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే వేళ్లు తెరిచి కిందికి నొక్కండి. చెయ్యి పిడి దగ్గరే నిలవాలి. కిందికి జారితే పట్టీ వదులుగా ఉన్నట్టు.

ఇది ఒకే తీరుగా సాగే వాలుకు. మోకాలి ఎత్తు మెట్లు వచ్చినప్పుడు పద్ధతి మార్చాలి. చేతిని పట్టీలోంచి తీసేసి, పిడి తలను అరచేతితో పైనుంచి నొక్కి పట్టండి. దాంతో లాక్ ముట్టకుండానే ఇంకొన్ని సెంటీమీటర్లు కలిసొస్తాయి, తోపు నేరుగా కిందికి వెళ్తుంది. రాళ్ల సందుల్లో పట్టీ అసలే వద్దు. మొన సందులో ఇరుక్కుని మీరు ముందుకు పడితే పట్టీ చేతిని వదలదు, బొటనవేలి కీలు చీలమండ కన్నా ముందు దెబ్బతింటుంది.

అయితే ఇదంతా సరిగా చేసినా, కర్ర ఆనించే వేళ తప్పితే మోకాలికి ఒరిగేది సున్నా. చాలామంది కాలు దించేశాక కర్ర ఆనిస్తారు. అప్పటికి దెబ్బ మోకాలు తినేసింది. వరుస ఇది: రెండు మొనలూ కింది మెట్టు మీద, పాదం పడబోయే చోటుకు కాస్త ముందుగా. బరువు చేతుల మీదికి. మోచేతులు కొద్దిగా వంచే ఉంచాలి. అప్పుడు పై కాలు మోకాలు నిదానంగా వంగుతూ రెండో కాలు దిగాలి. 30 సెంటీమీటర్ల మెట్టు మీద దీన్ని ఒకసారి చేసి చూడండి. పాదం ఆనినప్పుడు ‘ధబ్’మని చప్పుడు వచ్చిందంటే కర్రలు పనిచేయలేదు.

25 డిగ్రీల వాలు మీద ష్వామెడర్ బృందం 1999లో ప్రచురించిన అధ్యయనంలో కర్రలతో మోకాలి మీది బలాలు 12 నుంచి 25 శాతం దాకా తగ్గాయి. తగ్గాయి అన్నారు, పోయాయి అనలేదు. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినా కర్ర పొడవు సవరించి లాభం లేదు, వైద్యుడికి చూపించుకోవాలి.

చేతులతో బండ పట్టుకుని దిగాల్సిన చోట కర్రలు మడిచి సంచికి కట్టేయండి. మళ్లీ చదును వచ్చాక పొడవు తిరిగి 115కి దించడం మరవకండి, లేదంటే సాయంత్రానికి భుజాలు నొప్పెడతాయి.