వ్యాపార ఉత్తరాలు రాద్దాం – 7వ పాఠం: పార్ట్‌నర్లకు ‘తప్పుకుంటున్నాను’ అని రాయడం

పోయిన పాఠంలో బాకీ గుర్తుచేసే ఉత్తరం రాశాం. ఈసారిది అంతకంటే కష్టం, ఎందుకంటే చదివేది మనవాళ్లే. రేపు పెళ్లిలో పక్కపక్కన కూర్చుని భోంచేయాల్సినవాళ్లు.

ఈ పాఠానికి ఒక ఉదాహరణ అనుకుందాం. పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊరి దగ్గర రొయ్యల మేత షాపు. ముగ్గురు పార్ట్‌నర్లు, సమాన వాటాలు. బ్యాంకు, మేత కంపెనీ వ్యవహారాలు బావగారు చూస్తారు. గోడౌను మీ స్నేహితుడిది. ఊళ్లు తిరిగి రైతుల్ని చూసుకునేది మీరు. మీ ఖాతాలో 40 మంది రైతులున్నారు. ఇప్పుడు మీరు తప్పుకోవాలనుకుంటున్నారు.

ఉత్తరానికి ముందు మీ ముగ్గురూ రాసుకున్న పార్ట్‌నర్‌షిప్ ఒప్పంద పత్రం, అంటే డీడు, బయటికి తీసి చదవండి. ఇన్నేళ్లు అని గడువు రాసి ఉంటే, మధ్యలో వెళ్లడానికి మిగతా ఇద్దరి ఒప్పుకోలు కావాలి, లేదా వెళ్లే పద్ధతి డీడులోనే ఉండాలి. గడువేమీ లేకపోతే రాతపూర్వకంగా అందరికీ నోటీసు ఇచ్చి తప్పుకోవచ్చు. 1932 నాటి పార్ట్‌నర్‌షిప్ చట్టం 32వ సెక్షన్ ఈ మాటే చెబుతుంది. మన ఉదాహరణలో గడువు లేదు, మూడు నెలల నోటీసు అని ఉంది.

ఇక్కడ ఒక మాట దగ్గర చాలామంది పొరపాటు పడతారు. కోపంలో ‘మన పార్ట్‌నర్‌షిప్ ఇంతటితో రద్దు చేద్దాం’ అని రాసేస్తారు. గడువు లేని పార్ట్‌నర్‌షిప్‌లో ఎవరైనా ఒక్కరు అలా నోటీసు ఇస్తే ఫర్మే రద్దయిపోతుంది. అప్పుడు స్టాకు అమ్మాలి, బాకీలు తేల్చాలి, మిగిలింది పంచుకోవాలి. మీరు కోరేది అది కాదు. మీరు వెళ్తారు, షాపు నడుస్తుంది. అందుకే ఉత్తరం మొదటి పేరాలోనే ఆ రెండు ముక్కలూ ఉండాలి:

‘బావగారికి, మిత్రుడికి నమస్కారాలు. 28 డిసెంబరు నాటి ఈ ఉత్తరం మన డీడు ప్రకారం నేనిస్తున్న మూడు నెలల నోటీసు. వచ్చే మార్చి 31 సాయంత్రంతో నేను ఫర్మ్ నుంచి పార్ట్‌నర్‌గా విరమించుకుంటున్నాను. ఫర్మ్‌ను మీరిద్దరూ కొనసాగించండి.’

కారణం ఒక వాక్యం చాలు. ‘ఇంటి దగ్గర చెరువుల మీద పూర్తిగా దృష్టి పెట్టాలనుకుంటున్నాను’ అనొచ్చు. పాత గొడవలు ఈ కాగితం మీదికి ఎక్కించవద్దు. అవి రాస్తే జవాబు వాటికే వస్తుంది, లెక్కల మాట వెనక్కి పోతుంది.

మార్చి 31నే ఎందుకు? ఆ రోజు ఎలాగూ పుస్తకాలు ముగుస్తాయి, ఆడిటర్ గారు స్టాకు లెక్క తీస్తారు. మీకోసం విడిగా లెక్క కట్టాల్సిన పని తప్పుతుంది. పైగా వెనామీ రొయ్యల పంట సుమారు నాలుగు నెలల్లోపు పట్టుబడికి వస్తుంది. ఈ మూడు నెలల్లో మీ రైతుల్లో చాలామంది పట్టుబడి చేసి బాకీ కట్టే అవకాశం ఉంటుంది.

ఇక డబ్బు సంగతి. టెన్షన్ అంతా ఇక్కడే. మీ మూలధనం, తీసుకోని లాభం కలిపి మార్చి 31 నాటికి 15 లక్షలు వస్తుందని అంచనా అనుకుందాం. మీ సొంత చెరువుకి షాపు నుంచి తెచ్చుకున్న మేత లక్ష రూపాయలది. అది మీరే ముందు చెప్పి తీసేయండి. బావగారు గుర్తుచేసేదాకా ఆగితే మిగతా లెక్క మీద కూడా అనుమానం మొదలవుతుంది. మిగిలింది 14 లక్షలు.

ఈ 14 లక్షల్లో రైతుల దగ్గర ఆగిన అరువు కూడా ఉంది. పుస్తకంలో ఆస్తిగా కనిపించినా చేతికి రాని డబ్బు అది. రెండు పంటలు దాటినా కట్టని బాకీలు మొత్తం 6 లక్షలు అనుకుంటే, అందులో మీ మూడోవంతు 2 లక్షలు. వాటిని ఇప్పుడే ఇమ్మంటే ఉండేవాళ్లకి అన్యాయం, వదిలేస్తే మీకు అన్యాయం. ఆ బాకీల్ని జాబితాగా రాసి, మీ 2 లక్షలు పక్కన పెట్టడమే మార్గం:

‘నా ఖాతాలో రావలసిన 12 లక్షల్లో 4 లక్షలు ఏప్రిల్ 30న, మిగిలిన 8 లక్షలు జూన్, ఆగస్టు, అక్టోబరు, డిసెంబరు నెలాఖరుల్లో రెండేసి లక్షల చొప్పున ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. అంకెలు ఆడిట్ లెక్కకు లోబడి మారవచ్చు. జాబితాలోని పాత బాకీల్లో ఎప్పుడు ఎంత వసూలైతే అందులో మూడోవంతు నాకు ఇవ్వాలి. రాకపోతే ఆ మేరకు నష్టం నాది కూడా.’

ఆ చివరి వాక్యం తప్పకుండా రాయండి. బావగారు అడగబోయే ప్రశ్నకి జవాబు అదే. లెక్క తేల్చకుండా వాళ్లు వ్యాపారం నడుపుతూ పోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, 37వ సెక్షన్ కింద మీ వాటా సొమ్ముతో వచ్చిన లాభం గానీ, ఏడాదికి 6 శాతం వడ్డీ గానీ అడిగే హక్కు మీకుంది. అది తెలిసి ఉండండి, కానీ మొదటి ఉత్తరంలో రాయకండి. బెదిరింపులా వినిపిస్తుంది.

రైతుల అప్పగింతకి ‘రైతులందరినీ పరిచయం చేస్తాను’ అన్న ఒక్క వాక్యం సరిపోదు. రైతుకొక పేజీ రాయండి. ఎలాగంటే:

‘కాళ్ళ గ్రామం. 3 ఎకరాల చెరువు. సీడ్ వేసింది జనవరి 20. బాకీ 1,85,000, మార్చి 10న రైతు సంతకం. పట్టుబడి రోజే కడతానన్నారు. నేనిచ్చిన మాట: ఈ పంటకి బస్తాకి 20 రూపాయలు తగ్గింపు.’

ఆఖరి గడిని ఎవరూ రాయరు. మీరు గట్టు మీద నిలబడి నోటితో ఇచ్చిన మాట అది, ఏ పుస్తకంలోనూ ఉండదు. జూన్‌లో బిల్లు చూసి రైతు ‘మీ పార్ట్‌నర్ తగ్గిస్తానన్నాడే’ అంటే మీ స్నేహితుడు ఏం చెప్పగలడు? ఇక బాకీ మీద రైతు సంతకం మీరు ఉండగానే పెట్టించాలి. వెళ్లాక ‘ఆయనకి ఇచ్చేశాను’ అనే మాట వచ్చిందంటే అది మీ మీదికే వస్తుంది. ఫిబ్రవరి, మార్చిల్లో వారానికి ఐదుగురి చొప్పున స్నేహితుడిని బండెక్కించుకుని చెరువుల దగ్గరికి తీసుకెళ్తానని ఉత్తరంలో రాయండి. ఎనిమిది వారాల్లో 40 మందీ అయిపోతారు. తర్వాత మీరు సొంతంగా మేత షాపు పెట్టుకున్నా, వేరే ఒప్పందం లేకుండా ఈ రైతుల్ని మీ షాపుకి రమ్మని అడగకూడదు, ఫర్మ్ పేరు వాడకూడదు. 36వ సెక్షన్ అలా చెబుతుంది.

ఉత్తరం చివర మరో కోరిక ఉండాలి. మీరు తప్పుకున్న సంగతి బయటివాళ్లకి ప్రకటన ద్వారా తెలియజేసేదాకా ఫర్మ్ చేసే కొత్త అప్పులకీ మీరు బాధ్యులవుతారు. గెజిట్‌లోనూ, జిల్లాలో చదివే ఒక తెలుగు పేపర్లోనూ ప్రకటన వేయాలి. ఫర్మ్ రిజిస్టరై ఉంటే రిజిస్ట్రార్‌కీ తెలపాలి. జీఎస్టీ వాళ్లకి నెల లోపల రాతపూర్వకంగా చెప్పాలి, లేకపోతే వాళ్లకి కబురు అందిన రోజు దాకా పన్ను బాధ్యత సాగుతుంది. ఏప్రిల్ మొదటి వారంలోనే ఇవన్నీ పూర్తి చేద్దామని రాయండి. బ్యాంకు క్యాష్ క్రెడిట్ అప్పుకి మీరు సంతకం పెట్టి ఉంటే పేపర్ ప్రకటనతో పాత బాకీ మీ మీద నుంచి పోదు. మిమ్మల్ని వదిలేస్తున్నట్టు బ్యాంకు నుంచి విడిగా కాగితం తీసుకోవాలి. అలాగే కంపెనీకి ఇచ్చిన సంతకం చెక్కులుంటే నంబర్లు రాసి వెనక్కి అడగండి.

ఉత్తరం ఇచ్చే పద్ధతి: ముందు సాయంత్రం బావగారింటికి వెళ్లి నోటితో చెప్పండి. వాట్సాప్‌లో తెలిస్తే ఆయన ఎప్పటికీ మర్చిపోరు. అదే రోజు స్నేహితుడికీ చెప్పండి. ఒకరి ద్వారా ఇంకొకరికి తెలియకూడదు. మర్నాడు ఇద్దరికీ చెరో కాపీ ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ‘అందింది’ అని సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే వాదించకండి, స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

అభ్యాసం: ఈ ఉదాహరణలో స్నేహితుడు ‘పాత బాకీలు నువ్వు ఇచ్చిన అరువే కాబట్టి 6 లక్షలూ నీ ఖాతాలోనే కోసుకుంటాం’ అని రాశాడనుకోండి. దానికి ఐదు వాక్యాల్లో జవాబు రాయండి. సూచన: అరువు రాసిన రోజుల్లో అమ్మకం లాభం ఎంతమంది పంచుకున్నారో చూడండి. 8వ పాఠం ఆ జవాబుతోనే మొదలవుతుంది.