డ్రోన్ సర్వే నేర్చుకుందాం – 3: ఒక్క పిక్సెల్ నేల మీద ఎంత?

పోయిన పాఠంలో ఫ్లైట్ ప్లాన్ గీసినప్పుడు యాప్ ఒక మూలన 2.74 cm/px అని చూపించింది. అప్పుడు దాన్ని పట్టించుకోకుండా ముందుకు వెళ్లాం. ఈసారి ఆ అంకెను మనమే కాగితం మీద రాబడదాం. చేత్తో ఒక్కసారి లెక్క వేసినవాళ్లకు యాప్ తప్పు అంకె చూపిస్తే వెంటనే అనుమానం వస్తుంది.

లెన్స్ దగ్గర రెండు త్రిభుజాలు కలుస్తాయి. పైన చిన్నది: దాని ఎత్తు ఫోకల్ లెంగ్త్, అడుగు సెన్సర్ వెడల్పు. కింద పెద్దది: దాని ఎత్తు డ్రోన్ ఎగిరే ఎత్తు, అడుగు ఫొటోలో పడే నేల. రెండూ సరూప త్రిభుజాలు. పదో తరగతి లెక్కే ఇది.

మన దగ్గరున్న ఫాంటమ్ 4 ప్రో తీసుకుందాం. సెన్సర్ వెడల్పు 13.2 మి.మీ., ఆ వెడల్పులో 5472 పిక్సెళ్లు, ఫోకల్ లెంగ్త్ 8.8 మి.మీ. ముందు ఒక పిక్సెల్ సైజు చూడాలి: 13.2ను 5472తో భాగిస్తే 0.00241 మి.మీ. ఇక సూత్రం:

```
GSD = H × p / f
```

GSD అంటే గ్రౌండ్ శాంపిల్ డిస్టెన్స్, ఒక్క పిక్సెల్ నేల మీద కప్పే కొలత. H ఎత్తు, p పిక్సెల్ సైజు, f ఫోకల్ లెంగ్త్. డ్రోన్ వంద మీటర్ల ఎత్తున ఎగురుతోందనుకుందాం. వంద మీటర్లంటే 1,00,000 మి.మీ. దాన్ని 0.00241తో గుణించి 8.8తో భాగిస్తే సుమారు 27.4 మి.మీ., అంటే 2.74 సెం.మీ. ఫొటోలోని ఒక్క పిక్సెల్ నేల మీద అంత చదరాన్ని కప్పుతుంది. దీన్నే జీఎస్‌డీ అంటాం. ఒక ఫొటో మొత్తం 150 మీటర్ల వెడల్పు నేలను పడుతుంది.

ఫొటో స్కేలు ఇంకా తేలిక: f ని H తో భాగించడమే. 8.8 మి.మీ.కి 100 మీటర్లు, అంటే దాదాపు 1:11,400. ఫిల్ము రోజుల్లో 152 మి.మీ. లెన్సుతో 1,520 మీటర్ల ఎత్తున ఎగిరితే 1:10,000 వచ్చేది. ఆ అంకెతోనే ఫొటో ఎంత వివరంగా ఉంటుందో సర్వేయర్లు అంచనా వేసేవారు. మన డ్రోన్ ఫొటో స్కేలూ దానికి దగ్గరగానే ఉంది, కానీ ఇక్కడ ఆ స్కేలు సెన్సర్ మీద పడ్డ బొమ్మది. స్క్రీన్ మీద జూమ్ చేయగానే దానికి అర్థం పోతుంది. అందుకే డిజిటల్ ఫొటో విషయంలో జీఎస్‌డీనే చెప్పుకోవాలని నా అభిప్రాయం. స్కేలు కింది అంకెను పిక్సెల్ సైజుతో గుణిస్తే మళ్లీ అదే 2.74 వస్తుంది, చేసి చూడండి.

ఎక్కువమంది పొరపడేది ఫోకల్ లెంగ్త్ దగ్గర. ఫొటో వివరాలు తెరిస్తే FocalLength దగ్గర 8.8, FocalLengthIn35mmFilm దగ్గర 24 కనిపిస్తాయి. రెండోది 36 మి.మీ. వెడల్పున్న ఫిల్ముతో పోల్చి చెప్పే అంకె. దాన్ని మన 13.2 సెన్సర్‌తో కలిపి లెక్క కడితే జీఎస్‌డీ 1 సెం.మీ. అని వస్తుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ అబద్ధం. నేల మీద సరిగ్గా 10 మీటర్ల టేపు పరిచి, ఫొటోలో అది ఎన్ని పిక్సెళ్లుందో లెక్కపెట్టండి. 365 దరిదాపుల్లో ఉంటే మీ లెక్క సరైనదే. 1000 రావాల్సిందని మీ లెక్క చెబుతుంటే 24 వాడేశారన్నమాట.

రెండో పొరపాటు ఎత్తుది. నేను నేర్చుకునే రోజుల్లో ఒక గుట్టకు సర్వే చేశాను. గుట్ట అడుగున టేకాఫ్ చేసి, ఎత్తు 100 మీటర్లు పెట్టాను. డ్రోన్ చూపించే ఎత్తు టేకాఫ్ చేసిన చోటు నుంచి కొలిచింది, కింద ఉన్న నేల నుంచి కాదు. గుట్ట కొన 40 మీటర్లు పైకి ఉంది కాబట్టి అక్కడ అసలు ఎత్తు 60 మీటర్లే. జీఎస్‌డీ 1.64 సెం.మీ.కి తగ్గింది. అది మంచిదే కదా అనిపిస్తుంది. కానీ ఫొటో వెడల్పు కూడా 150 నుంచి 90 మీటర్లకు కుంచించుకుపోయింది. పక్కపక్క వరుసలు 70 శాతం ఒకదానిమీద ఒకటి పడాలని వాటి మధ్య 45 మీటర్లు ఉంచాను. గుట్ట కొన మీద 90లో 45 అంటే సగమే. మ్యాప్ కుట్టాక కొన దగ్గర చిరుగులు పడ్డాయి, మళ్లీ ఎగరేయాల్సి వచ్చింది. అందుకే ఎత్తుపల్లాలున్న చోట వరుసల దూరాన్ని అతి ఎత్తయిన నేలను బట్టి, జీఎస్‌డీని అతి పల్లపు నేలను బట్టి లెక్క కట్టాలి.

2.74 సెం.మీ. జీఎస్‌డీ ఉంటే 3 సెం.మీ. వస్తువు కనిపిస్తుందని కాదు. ఒక్క పిక్సెల్‌లో దేన్నీ గుర్తుపట్టలేం. 15 సెం.మీ. హద్దురాయి ఈ ఫొటోలో ఐదారు పిక్సెళ్ల మచ్చ. అక్కడ రాయి ఉందని తెలిసినవాళ్లకే అది రాయిలా కనిపిస్తుంది.

వచ్చే పాఠానికి ఈ లెక్క చేసి ఉంచండి. ఇదే డ్రోన్‌ను చెరువు కట్ట మీద నుంచి లేపుతున్నారు. కట్ట కింది పొలాల కంటే 12 మీటర్లు ఎత్తు. పొలాల్లో జీఎస్‌డీ 2 సెం.మీ. కావాలి. యాప్‌లో ఎత్తు ఎంత పెట్టాలి? 73 అని వస్తే సగం పనే అయినట్టు.