నైట్ డ్యూటీ వాళ్లకి రోజుకొక మాత్ర: సమస్య ఎక్కడ, సరిచేసేది ఎలా

చీటీ మీద "ఉదయం 1" అని రాసేటప్పుడు, ఉదయం అంటే మీరు పడుకునే టైమని డాక్టర్‌కి తట్టి ఉండదు. మనం చెప్పనూ లేదు. నాతో పనిచేసే ఒకతనికి సరిగ్గా ఇదే జరిగింది. రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు డ్యూటీ, వారానికి ఐదు రాత్రులు. పొద్దున 7:30కి తిని, వెంటనే మూడు మాత్రలు మింగి, 8కి పడుకుని 3కి లేచేవాడు. ఆ మూడు: థైరాయిడ్‌కి థైరాక్సిన్ 75 మైక్రోగ్రాములు; బీపీకి టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాములు, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 మిల్లీగ్రాములు కలిసి ఉన్న ఒకే మాత్ర; కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాములు.

సమస్య: పడుకున్న రెండు గంటలకే మూత్రానికి లేవాల్సి వస్తోంది

నిద్ర చెడిందని ఇతను కర్టెన్లు మార్చాడు, ఫోన్ ఆపేశాడు, చివరికి నీళ్లు తాగడం కూడా తగ్గించాడు (అది ఇంకా తప్పు). అసలు కారణం బీపీ మాత్రలో ఉన్న హైడ్రోక్లోరోథయాజైడ్. అది మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందు, వేసుకున్న సుమారు రెండు గంటలకు పని మొదలుపెట్టి నాలుగు గంటలప్పుడు జోరందుకుంటుంది. 7:30కి వేసుకుంటే ఆ జోరు 11:30కి, అంటే గాఢనిద్ర మధ్యలో. మీ బీపీ మాత్ర స్ట్రిప్ వెనక "థయాజైడ్" అని ముగిసే పేరు ఉందేమో చూడండి.

మందు మార్చనక్కర్లేదు, వేళ మారిస్తే చాలు. డాక్టర్‌తో మాట్లాడి మధ్యాహ్నం 3:30కి మార్చుకున్నాడు. మార్చే రోజు దగ్గరే చాలామంది పొరపాటు పడతారు: సోమవారం పొద్దున వేసుకుని, అదే రోజు 3:30కి మళ్లీ వేసుకోకూడదు, అది ఒకే రోజు రెండు డోసులు. మంగళవారం పొద్దున మానేసి, మధ్యాహ్నం 3:30కి వేసుకున్నాడు. మధ్యలో 32 గంటలు గడిచాయి. టెల్మిసార్టాన్ ఒంట్లో చాలాసేపు ఉండే మందు కాబట్టి ఒక్కసారికి ఫర్వాలేదని డాక్టర్ చెప్పారు, మీ మందుకి మీరు అడగండి.

సమస్య: థైరాయిడ్ మాత్ర రోజూ వేసుకుంటున్నా రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ దిగడం లేదు

డోసు పెంచమని అడిగే ముందు, దేని మీద మింగుతున్నారో చూడండి. థైరాక్సిన్‌కి కావాల్సింది ఖాళీ కడుపు, పొద్దునే కావాలని లేదు. ఇతను తిన్న వెంటనే వేసుకోవడంతో అది సరిగ్గా ఒంటికి పట్టలేదు. ఇప్పుడు 3కి లేవగానే ఉత్త నీళ్లతో వేసుకుని, గంట ఆగి కాఫీ, తిండి. కనీసం అరగంటైనా ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలుంటే నాలుగు గంటలు దూరం పెట్టాలి. మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ టెస్ట్ చేయించాలి, వారానికే చేయిస్తే అర్థం ఉండదు.

సమస్య: సెలవు రోజు అంతా తలకిందులు

నాకు అన్నిటికంటే చిరాకు ఇదే. సెలవు రోజుల్లో ఇతను రాత్రి పడుకుని పొద్దున 7కి లేస్తాడు, అందుకని డ్యూటీ రోజుల వేళ మధ్యాహ్నానికి మార్చాక కూడా సెలవులో మాత్రలన్నీ 7కే వేసేసుకునేవాడు. దాంతో ఒక మాత్రకి, ఇంకో మాత్రకి మధ్య ఒకసారి సుమారు 16 గంటలు, ఇంకోసారి సుమారు 32 గంటలు.

ఇక్కడ రెండు మాత్రల్ని విడదీయాలి. బీపీ మాత్రని గడియారానికి కట్టేయండి: డ్యూటీ రోజైనా సెలవు రోజైనా 3:30కి ఇతను మెలకువగానే ఉంటాడు, కాబట్టి రోజూ అప్పుడే. మీకూ రెండు రకాల రోజుల్లోనూ మెలకువగా ఉండే గంట ఒకటి దొరుకుతుంది, కాగితం మీద గీసి చూడండి. థైరాక్సిన్‌ని మాత్రం నిద్ర లేవడానికి కట్టాలి, ఎందుకంటే అది ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, కొన్ని గంటలు అటూ ఇటూ అయినా తేడా రాదు. అటోర్వాస్టాటిన్‌కి ఏ వేళైనా ఒకటే, బీపీ మాత్రతో కలిపేశాడు.

"లేవగానే" అన్నదాంట్లో ఒక తిరకాసు ఉంది. సెలవు అయిపోయి డ్యూటీకి వెళ్లే రోజు పొద్దున 7కి లేచి మాత్ర వేసుకుంటాడు, సాయంత్రం కాసేపు పడుకుని లేచి, అలవాటుకొద్దీ ఇంకోటి! అందుకే గడుల మీద సోమ, మంగళ అని వారాల పేర్లు ఉన్న మాత్రల డబ్బా కొన్నాడు. ఆ రోజు గడి ఖాళీగా ఉంటే ఆ రోజుది అయిపోయినట్టే. అర్ధరాత్రి దాటాక డబ్బా ముట్టుకోడు, లేకపోతే "ఇది నిన్నటిదా, ఇవాళ్టిదా" అన్న గొడవ.

సొంతంగా వేళ మార్చకూడనివి

షుగర్‌కి వాడే గ్లిమెపిరైడ్ లాంటివి మొదటి పెద్ద భోజనంతో వేసుకోవాలి. మింగి తినకుండా పడుకుంటే నిద్రలోనే షుగర్ పడిపోవచ్చు, పక్కవాళ్లకి తెలియదు కూడా. ఫిట్స్ మందులు, వార్ఫరిన్, ఇన్సులిన్, గర్భనిరోధక మాత్రలు కూడా అడిగాకే మార్చాలి. నిద్ర మత్తు తెచ్చే మాత్రైతే బండి నడుపుకుంటూ ఇంటికి చేరాకే, పడుకునే ముందు.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు "ఉదయమా, రాత్రా" అని అడగొద్దు. "8కి పడుకుంటాను, 3కి లేస్తాను, 4కి తింటాను, సెలవులో మాత్రం రాత్రే పడుకుంటాను" అని చెప్పి, చీటీ మీద గంటలే రాయించుకోండి.