కీ తప్పని లెక్చరర్‌కు మెయిల్ కొట్టే ముందు

పోయిన వారం రాత్రి పదకొండున్నరకు మా కింది గదిలో ఉండే కుర్రాడు తలుపు కొట్టాడు. సెప్టెంబరులోనే ఇంగ్లండులో దిగాడు, మేనేజ్‌మెంట్‌లో ఎమ్మెస్సీ. "అన్నా, క్విజ్‌లో నా ఆన్సరే కరెక్టు, కీ తప్పు. మెయిల్ రాశాను, ఒక్కసారి చూసిపెట్టు, పంపేస్తా" అన్నాడు. చూశాను. "రెస్పెక్టెడ్ సర్"తో మొదలై "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్"తో ముగిసింది. మధ్యలో నాలుగు పేరాలున్నాయి గానీ ఏ ప్రశ్న గురించో ఎక్కడా లేదు. పైగా ఆ లెక్చరర్ ఆవిడ.

ఈవీసా, బ్యాంకు అకౌంటు, జీపీ దగ్గర పేరు రాయించుకోవడం, ఇవన్నీ మీకు ఎవరో ఒకరు చెబుతారు. ఈ మెయిల్ గురించి ఎవరూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు.

నా మొదటి అక్టోబరు సంగతి చెబుతాను, నవ్వుకోండి. మాకూ లీడర్‌షిప్ మాడ్యూల్‌లో పాత్-గోల్ సిద్ధాంతం మీద, అంటే ఎలాంటి పనిలో, ఎలాంటి మనుషులను లీడరు ఎలా నడిపించాలో చెప్పే పాఠం మీద, క్విజ్ పెట్టారు. రోజంతా ఒకే డబ్బాలో ఒకే సరుకు సర్దే ప్యాకింగ్ పని, ఎలా చెయ్యాలో అంచెలంచెలుగా గోడ మీదే రాసి ఉంటుంది, అక్కడ మేనేజరు ఏ పద్ధతిలో నడిపించాలి అన్నది ప్రశ్న. ఫ్యాక్టరీ అంటే గదమాయించే సూపర్‌వైజర్ ఉండాలి కదా అని నేను డైరెక్టివ్ పెట్టాను. కీలో సపోర్టివ్ అని ఉంది. నాకు ఒళ్ళు మండింది. నాన్న బ్యాంకు లోను సంగతి కూడా కలిపి పెద్ద మెయిల్ రాసి, ప్రోగ్రామ్ డైరెక్టర్‌ను సీసీలో పెట్టి మరీ కొట్టాను. రెండు లైన్ల జవాబు వచ్చింది. ఫలానా స్లయిడు మళ్ళీ చదవండి అని, అంతే.

చదివితే తెలిసింది, తప్పు నాదే. రాబర్ట్ హౌస్ 1971లో ఈ సిద్ధాంతం చెప్పాడు, 1974లో మిచెల్‌తో కలిసి నాలుగు పద్ధతులుగా విడదీశాడు. అందులో అసలు కిటుకు ఒక్కటే. మనిషికి, అతని పనికి మధ్య ఏది లోటుగా ఉందో లీడరు దాన్ని పూడ్చాలి. ఉన్నదాన్నే మళ్ళీ పోస్తే చిరాకు. గోడ మీద రాసి ఉన్నదాన్ని మేనేజరు మళ్ళీ చెబితే అది నస. విసుగు పుట్టించే పనిలో కరువైంది కాస్త ఆప్యాయత. అందుకే సపోర్టివ్. క్రిస్మస్ దాకా మా లెక్చరర్ క్లాసులో వెనక బెంచీలోనే కూర్చున్నాను.

కాబట్టి మొదటి పని, కీ ఎందుకు సరైనదో మీరే వాదించి చూడండి. మీ వైపు కాదు బాబూ, కీ వైపు. ఇది చెయ్యకుండా మెయిల్ రాసేవాళ్ళను చూస్తే నాకు నిజంగా విసుగొస్తుంది. వాదించలేకపోతే మీకు పాఠం రాలేదన్నమాట. వాదించి కూడా ఇంకా ఏదో పొసగడం లేదనిపిస్తే, అప్పుడు రాయండి.

మావాడి చేత అదే చేయించాను. అతని ప్రశ్నలో ఏళ్ళ తరబడి అనుభవం ఉన్న ఇంజనీర్ల బృందం ఉంది. ఫలితం మన చేతిలోనే ఉంటుందని గట్టిగా నమ్మే మనుషులు. వాళ్ళకు కొత్త ప్రాజెక్టు ఇచ్చారు, లక్ష్యాలు ఇంకా స్పష్టంగా లేవు. ఏ పద్ధతి అత్యంత తగినది? కీ డైరెక్టివ్ అంది, మావాడు పార్టిసిపేటివ్ పెట్టాడు.

కీ వైపు వాదన తేలికే. పని అయోమయంగా ఉన్నప్పుడు ఏం చెయ్యాలో విడమర్చి చెప్పే లీడరు కావాలి. ఇది పాఠంలో ఉన్నదే. కానీ అదే పాఠం ఇంకో మాటా చెబుతుంది. తమకు చేతనవును అనుకునే అనుభవజ్ఞులకు డైరెక్టివ్ అదనపు బరువు. ఫలితం తమ చేతిలోనే ఉందనుకునే వాళ్ళు తమను అడిగి నిర్ణయించే లీడరుతో, అంటే పార్టిసిపేటివ్‌తో, ఎక్కువ తృప్తిగా ఉంటారు. అంటే పని ఒక వైపు లాగుతోంది, మనుషులు ఇంకో వైపు లాగుతున్నారు. రెండిట్లో దేనికి పెద్దపీట వెయ్యాలో ప్రశ్నలో లేదు. కీ తప్పని చెప్పలేం. ప్రశ్నే రెండు జవాబులకు చోటిస్తోందని చెప్పగలం. ఈ తేడా పట్టుకున్నాక మెయిల్ దానంతటదే చిన్నదైపోయింది.

చివరికి పంపింది దాదాపు ఇలా ఉంది. మీ ఇంగ్లీషులోకి మీరు మార్చుకోండి.

"డియర్ డాక్టర్ (ఇంటిపేరు), నాలుగో వారం క్విజ్‌లో పన్నెండో ప్రశ్న గురించి రాస్తున్నాను. లక్ష్యాలు స్పష్టంగా లేవు కాబట్టి డైరెక్టివ్ అన్నది నాకు అర్థమైంది. అయితే బృందానికి అనుభవం ఉందని, ఫలితం తమ చేతిలోనే ఉందని నమ్ముతారని కూడా ప్రశ్నలో ఉంది. ఆ రెండూ పార్టిసిపేటివ్ వైపు చూపిస్తున్నాయని అనుకున్నాను. పనికి, మనుషులకు పొసగనప్పుడు దేన్ని ముందు చూడాలో చెప్పగలరా? నేను ఏదైనా వదిలేసి ఉంటే తెలుసుకోవాలని ఉంది. వీలుంటే మీ ఆఫీస్ అవర్స్‌లో వచ్చి కలుస్తాను."

కింద పేరు, స్టూడెంట్ నంబరు. సబ్జెక్టు లైనులో మాడ్యూల్ కోడు, ప్రశ్న నంబరు. అయిపోయింది.

ఇందులో మార్కు అన్న మాటే లేదు, గమనించారా? మావాడు నాతో అరగంట వాదించింది దీని మీదే. "అడక్కపోతే ఎలా ఇస్తారన్నా?" అని. ప్రశ్నలో లోపముందని ఒప్పుకుంటే ఏం చెయ్యాలో వాళ్ళకు తెలుసు, అందరికీ కలిపి సరిచేస్తారు. మనం మార్కు అని అన్నామంటే చదివే మనిషికి పాఠం కనబడదు, బేరం కనబడుతుంది. లోను, వీసా, రాత్రంతా నిద్ర లేదన్న మాటలు కూడా అంతే. సీసీలో పైవాళ్ళను పెట్టడమంటే మన ఊళ్ళో పంచాయతీకి ఈడ్చినట్టే.

ఇంకో మాట. మనం అలవాటుగా "ఐ హావ్ ఎ డౌట్" అంటాం. ఇక్కడ డౌట్ అంటే అనుమానించడం. మీ కీ మీద నాకు నమ్మకం లేదని చదువుకుంటారు. క్వశ్చన్ అనండి చాలు. "సర్", "మేడమ్" అక్కర్లేదు, డాక్టర్ అని ఉంటే డాక్టర్. ఫస్ట్ నేమ్‌తో పిలవమని వాళ్ళే అంటే పిలవండి, నోరు రాకపోయినా సరే.

క్విజ్ గడువు ముగిసిందో లేదో కూడా చూడండి. తెరిచి ఉండగానే ప్రశ్నను ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి "ఇది తప్పు కదా" అని ఓటింగు పెట్టేవాళ్ళున్నారు. మిగతావాళ్ళు ఇంకా రాస్తుంటే అది జవాబు పంచడం కిందికి వస్తుంది. దాని ముందు ఈ కీ గొడవ ఏ మూలకూ రాదు.

లెక్క కూడా వేసి చూపించాను. క్విజ్‌లో ఇరవై ప్రశ్నలు, మొత్తం మాడ్యూల్‌లో దాని వాటా పది శాతం. ఒక్క ప్రశ్న అంటే వందలో అర మార్కు. దానికి ఇంత టెన్షన్! మావాడి మొహం కాస్త మామూలైంది.

సరే, ఇంత తిట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. నేను అంత చెత్త మెయిల్ రాసినా ఆవిడ నా మీద కక్ష కట్టలేదు. తర్వాతి వ్యాసానికి మంచి మార్కులే వేసింది. వెనక బెంచీ నేను నాకు వేసుకున్న శిక్షే. మర్యాదగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

మావాడికి మర్నాడు మధ్యాహ్నమే జవాబొచ్చింది. తను పని గురించే పరీక్షించాలనుకుందట, మనుషుల గురించి అంత వివరం పెట్టి ఉండాల్సింది కాదేమో, మంగళవారం సెమినార్‌లో ఈ ప్రశ్ననే చర్చకు పెడతానంది. మార్కు సంగతి ఇంకా తేలలేదు. వాడు మాత్రం సెమినార్‌లో ఏం మాట్లాడాలా అని సోమవారం రాత్రి పదకొండున్నరకు మళ్ళీ నా తలుపు కొట్టాడు.