రీఫండ్ అప్రూవ్ అయిందన్నారు, డబ్బు రాలేదు: ఎక్కడ ఆగిందో పట్టుకోవడం ఎలా?

ఆర్డర్ పేజీలో `Refund approved` అని పచ్చరంగులో కనిపిస్తుంది. బ్యాంకు ఖాతా తెరిస్తే పైసా పడి ఉండదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మా వైపు నుంచి అయిపోయింది, మీ బ్యాంకుని అడగండి" అంటారు. బ్యాంకుకి వెళ్తే "మాకేమీ రాలేదు, వాళ్లనే అడగండి" అంటారు. ఈ తిరుగుడు తప్పాలంటే ముందు ఒక్క తేడా తెలియాలి. అప్రూవ్ అంటే అమ్మినవాళ్లు డబ్బు తిరిగి ఇవ్వడానికి ఒప్పుకున్నారని మాత్రమే. డబ్బు బయల్దేరిందా లేదా అనేది వేరే సంగతి. అది బయల్దేరిందనడానికి రుజువు ఒక నంబరు.

ముందుగా అడగాల్సిన నంబరు

కార్డుతో కట్టి ఉంటే ఏఆర్‌ఎన్ అడగండి. ఇది బ్యాంకులు ఆ రీఫండ్‌ను వెతికి పట్టుకునే 23 అంకెల నంబరు. యూపీఐతో కట్టి ఉంటే 12 అంకెల ఆర్‌ఆర్‌ఎన్, బ్యాంకు ఖాతాకి నెఫ్ట్‌లో పంపి ఉంటే యూటీఆర్ అడగాలి, ఇవీ అలాంటి నంబర్లే. ఆర్డర్ నంబరు, "రీఫండ్ ఐడీ" అని వాళ్ల సైటు చూపించేది ఇందుకు పనికిరావు. అవి ఆ కంపెనీ లెక్కల్లోవి, బ్యాంకు కంప్యూటర్‌లో కొడితే ఏమీ కనిపించదు.

చాట్‌లో కబుర్లకు దిగకుండా ఇలా రాయండి: "ఆర్డర్ నంబరు ఫలానా, రీఫండ్ మొత్తం 3,400. ఏ తేదీన పేమెంట్ గేట్‌వేకి పంపారు? ఏఆర్‌ఎన్ ఎంత? ఏ కార్డుకి పంపారో చివరి నాలుగు అంకెలు చెప్పండి." పేమెంట్ గేట్‌వే అంటే వ్యాపారి తరఫున ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే, పంపే సంస్థ. నంబరు ఇచ్చారంటే డబ్బు వాళ్ల చేయి దాటింది, ఇక మీ పని బ్యాంకుతో. ఇవ్వలేదంటే డబ్బు ఇంకా అక్కడే ఉండే అవకాశం ఎక్కువ, బ్యాంకు చుట్టూ తిరిగి లాభం లేదు.

ఒక చిన్న మినహాయింపు ఉంది. కార్డు రీఫండ్ పంపిన రోజే ఏఆర్‌ఎన్ పుట్టదు. రెండు మూడు పనిదినాలు పట్టొచ్చు. అందుకే "నిన్ననే పంపాం, నంబరు రాలేదు" అంటే నమ్మొచ్చు. వారం తర్వాత కూడా అదే మాట చెబితే నమ్మకండి.

లక్షణం: వారం దాటినా నంబరు ఇవ్వరు

దీనికి మామూలు కారణం బయటికి చెప్పరు. చిన్న అమ్మకందారుల విషయంలో రీఫండ్ డబ్బును గేట్‌వే ఆ వ్యాపారికి రావాల్సిన సొమ్ములోంచి కోసుకుని పంపుతుంది. ఆ రోజు వాళ్ల ఖాతాలో అంత నిల్వ లేకపోతే రీఫండ్ పెండింగ్‌లో పడిపోతుంది. కొన్నిచోట్ల ఫెయిల్ కూడా అవుతుంది. మీ పేజీలో మాత్రం "అప్రూవ్డ్" అనే ఉంటుంది. సేల్ సీజన్ అయిపోయాక రిటర్న్‌లు వెల్లువెత్తినప్పుడు ఇది ఎక్కువ.

అడగాల్సిన ప్రశ్న "ఎప్పుడు వస్తుంది" అని కాదు, "గేట్‌వేలో రీఫండ్ స్టేటస్ ప్రాసెస్డ్ అని ఉందా, పెండింగ్ అని ఉందా" అని. ఈ మాట రాతపూర్వకంగా ఈమెయిల్‌లో అడగండి. జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. కార్డుతో కట్టినవాళ్లకి ఇంకో దారి ఉంది: కార్డు ఇచ్చిన బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టడం. "ఒప్పుకున్న రీఫండ్ జమ కాలేదు" అనే కారణం రాసి, రీఫండ్ ఒప్పుకున్న ఈమెయిల్ జతచేయాలి. దీనికి గడువు ఉంటుంది, సాధారణంగా 120 రోజులు. కాబట్టి "ఇంకో వారం, ఇంకో వారం" అంటూ నెలలు సాగదీస్తే ఈ దారి మూసుకుపోతుంది.

కార్డు: 5 నుంచి 7 పనిదినాలు, ఎందుకంత?

డబ్బు వ్యాపారి నుంచి గేట్‌వేకి, అక్కడి నుంచి వ్యాపారి బ్యాంకుకి, ఆ తర్వాత వీసా, రూపే లాంటి కార్డు నెట్‌వర్క్‌కి, చివరికి మీ బ్యాంకుకి చేరాలి. ఒక్కో చోట రోజువారీ ఫైళ్లలో పోగేసి పంపుతారు కాబట్టి ఆదివారాలు, బ్యాంకు సెలవులు లెక్కలోకి రావు. శుక్రవారం సాయంత్రం పంపిన రీఫండ్ అసలు ప్రయాణం సోమవారం మొదలైతే, మధ్యలో శనివారం కూడా లెక్కలోకి రాకపోతే, ఏడో పనిదినం మరుసటి వారం మంగళవారం అవుతుంది. లెక్క పంపిన రోజు నుంచి మొదలవుతుంది. మీరు వస్తువు తిరిగిచ్చిన రోజు నుంచి కాదు.

ఏడు పనిదినాలు గడిచాక కూడా కనిపించకపోతే, బ్యాంకుకి ఫోన్ చేసే ముందు స్టేట్‌మెంట్ సరిగ్గా వెతకండి. ఎస్సెమ్మెస్ వచ్చిందా అన్నది చూడకండి, జమలకి అది రాకపోవచ్చు. కంపెనీ పేరుతో కాకుండా మొత్తంతో వెతకండి. చాలాసార్లు వివరాల గడిలో గేట్‌వే పేరో, ఎన్నడూ వినని రిజిస్టర్డ్ కంపెనీ పేరో ఉంటుంది. పాత కార్డు గడువు తీరి కొత్తది వచ్చినా భయం లేదు, బ్యాంకు సాధారణంగా ఆ జమను అదే ఖాతాకి కలిపేస్తుంది. అసలు ఖాతానే మూసేసి ఉంటే మాత్రం ఏఆర్‌ఎన్ పట్టుకుని ఆ బ్యాంకునే అడగాలి.

క్రెడిట్ కార్డులో ఇంకో చిక్కు: డబ్బు వచ్చేసి ఉంటుంది, కానీ మీరు సేవింగ్స్ ఖాతాలో వెతుకుతుంటారు. అది కార్డు బిల్లులో జమ అవుతుంది. ఒక ఉదాహరణ చూద్దాం. మిక్సీ ధర 4,200. కూపన్‌లో 300 పోయింది, వాలెట్ నుంచి 500, క్రెడిట్ కార్డుతో 3,400 కట్టారు. తిరిగిచ్చాక 4,200 ఒక్కచోట రాదు. 500 వాలెట్‌కి వెళ్తుంది, 3,400 కార్డుకి వెళ్తుంది, కూపన్ విలువ రాదు. "తక్కువ ఇచ్చారు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే జవాబు.

ఆ కార్డు బిల్లు 18న 9,600 వచ్చింది, చెల్లించాల్సిన తేదీ వచ్చే నెల 7. రీఫండ్ 25న పడిందనుకోండి. 2022 నాటి ఆర్‌బీఐ క్రెడిట్ కార్డు నిబంధనల ప్రకారం ఆ 3,400ని వెంటనే బకాయిలోంచి తగ్గించి మీకు తెలియజేయాలి, కట్టాల్సింది 6,200 అవుతుంది. యాప్‌లో బకాయి తగ్గినట్టు కనిపిస్తేనే 6,200 కట్టండి. రీఫండ్ 7 లోపు రాకపోతే మొత్తం 9,600 కట్టేయాలి. "రీఫండ్ వస్తుందిగా" అని ఆగితే వడ్డీ పడుతుంది, అది ఎవరూ వెనక్కి ఇవ్వరు.

పూర్తిగా కట్టాక రీఫండ్ వస్తే కార్డులో మీ డబ్బు మిగులుగా నిలుస్తుంది. కార్డు పరిమితిలో ఒక శాతం లేదా 5,000, ఈ రెండింటిలో ఏది తక్కువో అంతకు మించితే, దాన్ని అక్కడే సర్దుకోవడానికి బ్యాంకు ఏడు రోజుల్లోపు మీ అంగీకారం అడగాలి. మీరు జవాబివ్వకపోతే మీ బ్యాంకు ఖాతాకి పంపాలి. లక్ష పరిమితి ఉన్న కార్డుకి ఆ గీత 1,000 మాత్రమే, కాబట్టి ఇక్కడి 3,400కి అంగీకారం అడగాల్సిందే. ఈఎంఐ మీద కొని ఉంటే రీఫండ్ వచ్చినంత మాత్రాన ఈఎంఐ ఆగదు. ఆపమని బ్యాంకుకి విడిగా చెప్పాలి.

వాలెట్: నిమిషాల నుంచి ఒక రోజు

వాలెట్ డబ్బు ఒకే సంస్థ పుస్తకాల్లో తిరుగుతుంది కాబట్టి త్వరగా వస్తుంది. 24 గంటలు దాటిందంటే ఏదో తేడా జరిగిందనే అనుకోవాలి. తరచు కనిపించేవి రెండు. మొదటిది, రీఫండ్ ఆర్డర్‌లో ఇచ్చిన ఫోన్ నంబరుతో ఉన్న వేరే వాలెట్‌కో గిఫ్ట్ బ్యాలెన్స్‌కో వెళ్తుంది. ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరుతో ఆర్డర్ పెట్టి ఉంటే ముందు అక్కడ చూడండి. రెండోది, "మీ కేవైసీ పూర్తి కాలేదు, పరిమితి దాటుతోంది, అందుకే వేయలేదు" అనే జవాబు. ఇది ఒప్పుకోనక్కర్లేదు. వాలెట్ నుంచి కట్టిన మేరకు రీఫండ్‌ను పరిమితి దాటినా సరే వెంటనే జమ చేయాలని ఆర్‌బీఐ నిబంధనల్లోనే ఉంది.

ఇంకో మాట. కార్డుతో కట్టినదాన్ని "త్వరగా వస్తుంది" అని వాలెట్‌లో వేస్తామంటారు. మీరు ఒప్పుకుంటే తప్ప అలా వేయకూడదు. కట్టిన దారిలోనే తిరిగి రావాలి. ఆ ఎంపిక నొక్కే ముందు, వాలెట్ నుంచి బ్యాంకుకి తీసుకోగలరో లేదో చూసుకోండి. కొన్ని బ్యాలెన్స్‌లు ఆ షాపులోనే ఖర్చుపెట్టాలి.

బ్యాంకు ట్రాన్స్‌ఫర్: గంటలు, కానీ ఒక్క అక్షరం తప్పితే రోజులు

క్యాష్ ఆన్ డెలివరీలో కొన్నవాటికి ఖాతా వివరాలు అడిగి నెఫ్ట్ లేదా ఐఎంపీఎస్‌లో పంపుతారు. నెఫ్ట్ 2019 డిసెంబరు 16 నుంచి రాత్రీపగలూ, సెలవుల్లో కూడా, అరగంటకో బ్యాచ్‌గా నడుస్తోంది. పంపిన బ్యాచ్ తేలిన రెండు గంటల్లో జమ కావాలి, కాకపోతే పంపినవాళ్లకి తిరిగి వెళ్లాలి. కాబట్టి యూటీఆర్ ఇచ్చి ఒక రోజు దాటినా పడలేదంటే, డబ్బు వెనక్కి వెళ్లి అక్కడ ఎవరూ గమనించకుండా ఉందనే అనుమానించండి. "రిటర్న్ అయిందేమో చూడండి" అని సూటిగా అడగండి.

వెనక్కి వెళ్లడానికి పెద్ద కారణం ఐఎఫ్‌ఎస్‌సీ. 11 అక్షరాల ఆ కోడ్‌లో ఐదోది ఎప్పుడూ సున్నా, ఇంగ్లిష్ ఓ కాదు. మన దగ్గర మరో చిక్కు పాత చెక్కుబుక్కు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. `ANDB`తో మొదలయ్యే పాత కోడ్ ఇస్తే పనిచేయదు, `UBIN`తో మొదలయ్యే కొత్తది కావాలి. ఖాతా నంబరు తప్పితే ఇంకా చేటు. పేరు సరిపోయిందా అని చూడకుండా నంబరు ఆధారంగానే జమ చేసే పద్ధతి కాబట్టి, ఒక అంకె మారితే డబ్బు ఇంకెవరికో పడొచ్చు.

యూపీఐ రీఫండ్ కూడా బ్యాంకు ఖాతాకే వస్తుంది, కానీ మీరు కట్టిన ఖాతాకే. ఇప్పుడు యాప్‌లో ప్రైమరీగా పెట్టుకున్న ఖాతాకి కాదు. యాప్ చరిత్రలో కనిపించకపోయినా అప్పటి ఖాతా పాస్‌బుక్‌లో ఉండొచ్చు.

డబ్బు కట్ అయింది కానీ ఆర్డరే పడలేదు

ఇది రీఫండ్ కాదు, ఫెయిలైన లావాదేవీ. దీనికి 2019 సెప్టెంబరు 20 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ వర్తిస్తుంది. ఆన్‌లైన్ కార్డు చెల్లింపుకి, వ్యాపారికి కట్టిన యూపీఐకి ఐదు రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలి. మనుషులకి పంపిన యూపీఐ, ఐఎంపీఎస్‌లకి గడువు ఒక్క రోజు. దాటితే రోజుకి 100 చొప్పున పరిహారం ఇవ్వాలి. మీరు రద్దు చేసిన ఆర్డర్‌కి ఈ 100 రాదు, దానికోసం బ్యాంకుతో వాదించి సమయం పాడుచేసుకోవద్దు.

నంబరు ఉంది, బ్యాంకే పట్టించుకోవడం లేదు

కార్డు రీఫండైతే ఏఆర్‌ఎన్, మొత్తం, పంపిన తేదీ, కార్డు చివరి నాలుగు అంకెలు రాసి బ్యాంకుకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా cms.rbi.org.in లో ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు. బ్యాంకుకి ముందుగా రాసినట్టు రుజువు లేకపోతే అక్కడ తిప్పి పంపుతారు.

ఈ మధ్యలో కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతక్కండి, కంపెనీ యాప్‌లోపల ఉన్నదే వాడండి. "రీఫండ్ వేస్తాం, యూపీఐ పిన్ కొట్టండి" అని ఎవరైనా ఫోన్‌లో అంటే పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.